మగ్గం గుంట ఫొటో

మనుషుల జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ. అందుకే తిరుత్తణి అద్దె ఇంట్లో సామాను దించకముందే తేదీ పడేలా గదిగదికీ ఫొటోలు తీస్తూ, ఉన్న పగుళ్లూ మరకలూ కాగితం మీద రాసుకున్నాను. ఖాళీ చేసే రోజు అడ్వాన్సు దగ్గర గొడవ రాకూడదు కదా. ఇంటి యజమానురాలు వింతగా చూస్తూ నా వెంటే తిరిగింది.

నడి గది గచ్చులో గోనెసంచి పరిచినంత అతుకు కనిపించింది. "డ్యామేజీ" అని రాశాను.

"అది డ్యామేజీ ఎట్లయితాదన్నా? మా మామ కాళ్లు పెట్టుకోని నేసిన మగ్గం గుంట. ఆయన పోయినాక పూడ్చినాము," అంది.

కొట్టేసి, "పూడ్చిన మగ్గం గుంట" అని రాశాను. ఇద్దరం సంతకాలు చేశాం. ఫొటోలన్నీ ఆమె ఫోనుకు పంపాను.

వాటిని చూస్తూ ఆమె ఆ గుంట ఫొటో దగ్గర ఆగింది.

"దీన్ని ప్రింటేసియ్యన్నా. మా మామది ఫొటో ఒగటి గూడా లేదు."