ఆ గడిలో గీత ఎందుకు పెట్టావమ్మా?

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నన్ను బడ్జెట్ సెక్షన్‌కి మార్చారు. విజయవాడలో ఆడపిల్లల హాస్టళ్లు చూసే ఆఫీసు మాది. ఏ హాస్టల్‌కి ఎంత ఇచ్చాం, ఎంత ఖర్చయింది, ఇంకా ఎంత కావాలి అన్నది పట్టికలుగా వేసి పై అధికారి ముందు పెట్టడం మా పని. సెక్షన్‌లో ఉన్నది ఇద్దరమే. నేను, మా సూపరింటెండెంట్ మేడమ్.

మేడమ్‌ది పటమట. రిటైర్మెంట్‌కి ఇంకా ఏడాదిన్నర ఉందనేవారు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు కావడంతో ఫైలు చదివినా తాళం పడేది. కంప్యూటర్ ముందు కూర్చునేవారు కాదు. ప్రింటు తీసి ఇస్తే స్కేలు అడ్డం పెట్టుకుని, ఒక్కో వరస కిందికి జరుపుతూ చదివేవారు. నాకేమో కంప్యూటర్ బాగా వచ్చన్న గర్వం. పాత పట్టికలు చూస్తే చిరాకేసేది. ఎటు చూసినా సున్నాలు, మైనస్‌లు. వాటిని అందంగా తీర్చిదిద్దాలనుకున్నాను.

ఆ ఏడు సవరించిన అంచనాల పట్టిక నా చేతికొచ్చింది. మేడమ్ వాళ్ల అక్కగారి ఇంట్లో పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెట్టారు. నేను హాయిగా నా పద్ధతిలో చేసుకున్నాను. ఇచ్చిన డబ్బు మించి ఖర్చయిన చోట మైనస్ గుర్తు తీసేసి అంకె ఎర్రగా కనిపించేలా పెట్టాను. సున్నా ఉన్న గడిలో చిన్న గీత వచ్చే ఫార్మాట్ ఎంచుకున్నాను. జూన్‌లోనే తెరిచిన ఇబ్రహీంపట్నం హాస్టల్‌కి పోయినేడు లెక్కలు ఉండవు కదా, ఆ గడులు ఖాళీగా ఉంటే బోసిగా ఉంటుందని అక్కడ కూడా గీతలే కొట్టాను. స్క్రీన్ మీద చూస్తే ముచ్చటేసింది.

మీటింగు పొద్దున పదకొండుకి. రంగు ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది. అటెండర్ గారు కింద జిరాక్స్ షాపుకి వెళ్లి పన్నెండు కాపీలు తెచ్చారు. అన్నీ నలుపు తెలుపు. నాకేమీ తట్టలేదు.

అధికారి గారు మా జిల్లాకి వచ్చి నెల కూడా కాలేదు. కాగితం మీద పెన్సిల్ పెట్టుకుని చకచకా చూసుకుంటూ పోతున్నారు. భవానీపురం హాస్టల్ దగ్గర ఆగారు.

"వీళ్లకి పోయినేడు అరవై రెండు వేలు మిగిలిందిగా. మళ్లీ ఎక్కువ అడుగుతున్నారేంటి? మిగిలింది తగ్గించి రాయండి."

ఆ తర్వాత ఇబ్రహీంపట్నం. "ఈ హాస్టల్‌కి పోయినేడు ఇచ్చింది సున్నా, ఖర్చు సున్నా. అవసరమే రాలేదు. ఈ ఏడు ఇంత ఎందుకండీ? సగం చాలు."

ఇబ్రహీంపట్నం మాట దగ్గర నాకు తప్పు తెలిసింది. అది సున్నా కాదు, అప్పటికి ఆ హాస్టలే లేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చివరి వరసలో కుర్చీలో ఉన్నాను, ముందు పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, లేచి నిలబడలేదు. ఈలోపు ఆయన తర్వాతి పేజీకి వెళ్లిపోయారు. భవానీపురం సంగతి నాకు అప్పటికీ అర్థం కాలేదు.

రెండు రోజుల తర్వాత మేడమ్ సెలవు నుంచి వచ్చారు. పెళ్లి అరిసెలు ఒక స్టీలు డబ్బాలో తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ముందు తిను, తర్వాత పని" అన్నారు. తింటూ ఉండగానే జిరాక్స్ కాపీ తీసుకుని స్కేలు పెట్టారు. ఎప్పటిలాగే మిగులు ఉన్న నిలువు వరస మనసులోనే కూడుకుంటూ కిందికి వచ్చారు. అక్కడ ఆగారు.

"ఏమ్మా, ఇది కూడి చూశావా?"

"కంప్యూటరే కూడిందండీ. తప్పు రాదు."

"మరి నాకు ఒకటి పాయింట్ రెండు నాలుగు లక్షలు ఎక్కువ వస్తోందే." కళ్లజోడు పైకి జరిపారు. "తేడా వస్తే సగం చేసి చూడాలి. సగం ఎంత? సున్నా పాయింట్ ఆరు రెండు. ఆ అంకె ఈ వరసలో ఉందా?"

భవానీపురం ఎదురుగా ఉంది. 0.62.

"తీసెయ్యాల్సింది కలిపితే తేడా రెండింతలు వస్తుంది. ఇది మిగులు కాదమ్మా, వాళ్లు అరవై రెండు వేలు ఎక్కువ ఖర్చు పెట్టారు. మైనస్ ఏది?"

"ఎర్రగా పెట్టానండీ…" అన్నాను. ఆ మాట అంటూనే చేతిలోని కాగితం చూశాను. అన్ని అంకెలూ ఒకే నలుపు. అరిసె ముక్క గొంతులో అడ్డం పడింది. మేడమ్ నీళ్ల సీసా అందించారు.

అప్పుడే ఇబ్రహీంపట్నం హాస్టల్ వార్డెన్ గారు లోపలికి వచ్చారు. బక్కపలచని మనిషి, భుజాన పెద్ద సంచీ. సగం కోసేశారన్న కబురు, మా పట్టిక కాపీ ఆవిడకి అప్పటికే అందాయి. కోపంగా అరుస్తారనుకున్నాను. కుర్చీ చివర కూర్చుని, మెల్లగా అడిగారు.

"ఆ గడిలో గీత ఎందుకు పెట్టావమ్మా? మేం పోయినేడు లేనే లేముగా. లేనివాళ్లు ఖర్చు పెట్టలేదంటే ఎట్లా?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడే కంగారుపడి, "అయ్యో, నిన్నేం అనట్లేదమ్మా, అడిగానంతే" అన్నారు. సంచీలోంచి హాజరు పట్టీ తీశారు, కొత్త హాస్టల్ అని రుజువు చూపించడానికి. అందులో ఒక్కో పిల్లకి ఒక్కో వరస. వచ్చిన రోజు టిక్కు. రాని రోజు ఆబ్సెంట్ అని 'ఆ' అన్న అక్షరం. ఆలస్యంగా చేరిన పిల్లలకి చేరిన తేదీ ముందున్న గడులన్నీ కలిపి 'చేరలేదు' అని అడ్డంగా రాసి ఉంది. ఇంటికెళ్లిన పిల్ల, అసలింకా చేరని పిల్ల, రెండూ ఒకటి కాదని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తోంది. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

మేడమ్ ఆ పట్టీ చాలాసేపు చూశారు. "మనకంటే నయం" అన్నారు.

ఆ మధ్యాహ్నం పట్టిక మళ్లీ చేశాం. నేను కీబోర్డు దగ్గర, ఆవిడ పక్క కుర్చీలో. మొదట మైనస్. "రంగు ఉంటే ఉండనీ, గుర్తు మాత్రం తప్పకుండా ఉండాలి. అంకెకి అంటుకుని ఉండాలి. గుర్తు ఒక లైన్లో, అంకె కింద లైన్లో పడకూడదు." గడి వెడల్పు పెంచాను. పాత ఏళ్ల పట్టికల్లో కొన్నిచోట్ల బ్రాకెట్లు, కొన్నిచోట్ల మైనస్ ఉండేవి. ఏదో ఒకటే ఉండాలన్నారు, మైనస్ ఉంచాం.

తర్వాత సున్నా. నిజంగా సున్నా అయితే సున్నా అనే వేయాలి. మరమ్మతుల వరసలో నేను గీత పెట్టిన ఇంకో హాస్టల్ చూపించారు. "వీళ్లకి డబ్బు ఇచ్చాం, పైసా ఖర్చు పెట్టలేదు. నువ్వు గీత పెట్టేసరికి, వీళ్లకి ఈ పద్దు లేదేమోనని ఎవరూ అడగలేదు. సున్నా వేసుంటే అడిగేవారు."

ఇబ్రహీంపట్నం గడుల్లో 'వర్తించదు' అని టైపు చేశాను. వెంటనే పక్కనున్న మిగులు గడిలో ఎర్రర్ వచ్చింది. మాటలోంచి మాటని తీసెయ్యడం కంప్యూటర్‌కి చేతకాదు.

"సున్నా పెట్టేస్తే పోతుంది కదండీ" అన్నాను.

"పోతుంది. హాస్టల్‌కి సగటు ఖర్చెంతో చెప్పే వరస ఉందిగా కింద, అది కూడా పోతుంది. లేని హాస్టల్‌ని కూడా లెక్కేసి సగటు దిగిపోతుంది. ఇచ్చిందీ వర్తించదు, ఖర్చూ వర్తించదు. మిగులు మాత్రం ఎలా వర్తిస్తుంది? అక్కడా అదే రాయి."

రాశాను. ఎర్రర్ పోయింది, సగటు కూడా సరిగ్గా నిలిచింది. ఇక మిగిలింది ఒక హాస్టల్‌లో మూడు వందల రూపాయల ఖర్చు. పట్టిక లక్షల్లో ఉంది కాబట్టి అది 0.00 అయి కూర్చుంది. ఖర్చయితే అయింది, సున్నా అని ఎలా అంటాం? అక్కడ చుక్క గుర్తు పెట్టి, పట్టిక కింద 'ఐదు వందల రూపాయల కంటే తక్కువ' అని రాశాం. లెక్క ఇంకా పంపని హాస్టల్ దగ్గర 'వివరం రాలేదు' అని రాశాం. ఈ గుర్తులన్నిటికీ అర్థాలు ప్రతి పేజీ కిందా పెట్టించారు మేడమ్. "మొదటి పేజీలో ఉంది కదండీ" అంటే, "నాలుగో పేజీ ఒక్కటే జిరాక్స్ తీసుకెళ్లేవాళ్లు ఉంటారమ్మా" అన్నారు.

మర్నాడు ఇద్దరం అధికారి గారి గదికి వెళ్లాం. ఆయన విసుగ్గా, "అయిపోయిన మీటింగు కదండీ" అన్నారు. మేడమ్ పాత కాపీ ఆయన ముందు పెట్టారు.

"ఇందులో ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో ఒక్కసారి చూపించండి సార్."

ఆయన చూశారు. పేజీ తిప్పారు, మళ్లీ వెనక్కి వచ్చారు. "ఎవరూ లేరే?"

"ఉన్నారండీ. మా కాగితం చెప్పలేదు, అంతే. పొరపాటు మా సెక్షన్‌ది."

మా సెక్షన్‌ది అన్నారు, నాది అనలేదు. నేనే ముందుకొచ్చి, "నాదండీ. మీటింగులోనే తెలిసింది, చెప్పడానికి భయమేసింది" అన్నాను. మేడమ్ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. మా అమ్మ నన్ను మొదటిసారి ఒంటరిగా బస్సెక్కించినప్పుడు అట్లాగే చూసింది.

అధికారి గారు కొత్త పట్టిక తీసుకున్నారు. కిందున్న గుర్తులు ముందు చదివి, ఆ తర్వాత పైకి వెళ్లారు. ఇబ్రహీంపట్నానికి కోసిన సగం అక్కడికక్కడే తిరిగి ఇచ్చారు. మరమ్మతులు చేయించని హాస్టల్‌ని వివరణ అడగమన్నారు. భవానీపురానికి కోత ఎత్తేశారు గానీ, వాళ్లు అడిగిన మొత్తం ఆ విడతలో రాలేదు. ఆ హాస్టల్ వాళ్లు నాలుగు నెలలు కూరలు తగ్గించి నెట్టుకొచ్చారు. ముందే సరిగా వేసుంటే వచ్చేదేమో, నేను చెప్పలేను. ఆ నాలుగు నెలలూ ఆ దారిన బస్సులో వెళ్తుంటే నేను తల తిప్పుకునేదాన్ని.

వార్డెన్ గారు మాత్రం మా ఇద్దరినీ భోజనానికి పిలిచారు. ఒక శనివారం ఇబ్రహీంపట్నం వెళ్లాం. థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు కిటికీలోంచి కనిపించే గదిలో, పిల్లల వరసలోనే మమ్మల్నీ కూర్చోబెట్టారు. దోసకాయ పప్పు, గుడ్డు కూర. మేడమ్‌ని పాట పాడమని పిల్లలు పట్టుబట్టారు. ఆవిడ మొహమాటపడుతూ మొదలుపెట్టి మూడు పాటలు పాడారు.

ఏడాదిన్నర ఇట్టే గడిచిపోయింది. రిటైరైన రోజు దండ వేశారు, శాలువా కప్పారు, అందరూ మాట్లాడారు. సభ అయ్యాక మేడమ్ దండ తీసి కుర్చీకి తగిలించి, మన సెక్షన్‌కి పద అన్నారు. వచ్చే ఏడు పట్టిక చిత్తుప్రతి అడిగారు.

"ఇవాళ కూడానా అండీ?"

"ఐదింటిదాకా ఉద్యోగమేగా."

శాలువా భుజాన అట్లాగే ఉంది. స్కేలు పెట్టి ఒక్కో వరస చదివారు, పెదవులు కదుపుతూ కూడారు. చివరి పేజీ కూడా అయ్యాక స్కేలు నా సొరుగులో పెట్టారు.

"కూడితే సరిపోయిందమ్మా" అన్నారు. హ్యాండ్‌బ్యాగు తీసుకున్నారు. పటమట బస్సు వచ్చేదాకా నేనూ స్టాపులో నిలబడ్డాను. బస్సెక్కి కిటికీ పక్క సీటు దొరికించుకుని, చెయ్యి ఊపుతూ, "రేపు ఆదివారం ఇంటికి రా, భోజనం చేద్దాం" అని గట్టిగా చెప్పారు.