డాక్టరమ్మ అడిగిన మొదటి మాట

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఇబ్రహీంపట్నంల నేను తిరిగే నాలుగు వాడలల్ల ఎవర్నడిగినా ఇదే చెప్తరు. పదమూడేండ్ల సంది ఆశా కార్యకర్తగ పని చేస్తున్న. కడుపుతోని ఉన్నోళ్లను దవాఖానకు తోల్కపోత, పుట్టిన పిల్లల బరువు చూస్త, బీపీ, షుగరు ఉన్నోళ్లు గోలీలు ఏస్కుంటున్నరా లేదా అడిగి రిజిస్టర్ల రాస్త. రెండు వారాలు దాటి దగ్గెటోళ్లు కనబడితే చాలు, తెమడ పరీక్షకని చేతిల డబ్బీ పెడ్త. ఇవన్ని ఒగ ఎత్తు, ఉప్పు గురించి నేను తిట్టే తిట్లు ఒగ ఎత్తు. "తొక్కు లేనిదే ముద్ద దిగదా? దవాఖాన మంచం మీద పంటే అదే దిగుతది" అని గల్మల, తలుపు కాడనే నిలబడి అరిచేదాన్ని. పక్కింటోళ్లకు గూడ వినబడేది. వినబడాలనే అరిచేదాన్ని.

గట్లాంటి నాకు బీపీ వచ్చింది.

మాకిచ్చిన బీపీ మిషన్‌కు కొత్త సెల్లులు ఏసి, పని చేస్తుందా లేదా అని ఇంట్ల నా చేతికే చుట్టుకున్న. నూట అరవై దాటి చూపెట్టింది. మిషన్ ఖరాబైందనుకున్న. ఇంకోసారి చూసిన, ఎడమ చెయ్యి మార్చి చూసిన. మూడు దినాలు చూసినంక మిషన్‌ను తిట్టుడు బంద్ చేసిన. మా దవాఖానల గోలీలు ఊకెనే ఇస్తరు. కానీ అక్కడ చీటీ రాపిస్తే పొద్దుమీకె వరకు వాడంత తెలుస్తది. చాటుకు నాకు పెట్టుకున్న పేరుతోని "ఉప్పక్కకే బీపీ అంట" అని పండుగ చేస్కుంటరు. అందుకే ముఖానికి చున్నీ కట్టుకోని, బస్సెక్కి బడంగ్‌పేట్ పోయి, ఎవరో తెల్వని డాక్టరుకు చూపిచ్చుకున్న. రోజుకొగ గోలి రాసిచ్చిండు. తెచ్చి పసుపు డబ్బా ఎన్క దాచిన. ఇంట్లాయినకు గూడ చెప్పలే.

మూడు వారాలకు దగ్గు షురూ అయింది.

జలుబు లేదు, జరం లేదు, తెమడ అసలే లేదు. గొంతుల వెంట్రుక ఇరికినట్టు ఒగటే గరగర. ఒక్కసారి మొదలైతే కండ్లల్ల నీళ్లొచ్చేదాకా ఆగదు. సొంటి నమిలిన, మిరియాల కషాయం తాగిన, కరక్కాయ బుగ్గల పెట్టుకోని మాట్లాడబోతే నత్తొచ్చింది. రెండు వారాలు దాటంగనే బీడీలు తాగే మా వాడ పెద్దాయన, ఎన్నిసార్లు నా డబ్బీ తప్పిచ్చుకున్నడో లెక్కలేదు, అరుగు మీదికెల్లి లేచి నిలబడ్డడు.

"ఏం బిడ్డా, డబ్బీ ఏది? లోపటికెల్లి గట్టిగ దగ్గి ఊంచాలె, ఉమ్మి పనికిరాదు" అన్నడు. నా మాటలే, నా గొంతులనే అన్నడు.

నిజంగనే డబ్బీ పట్టుకోని కూసున్న. పొడి దగ్గుకు తెమడ యాడికెల్లి వస్తది? రెండు దినాలు తిప్పలు పడితే చెంచాడు వచ్చింది. టీబీ లేదని తేలింది. ఛాతీ ఫొటో తీసిండ్రు, అదీ మంచిగనే ఉంది. ఇగ అదే పోతది తియ్యి అనుకున్న. పోలే. ఎనిమిది వారాలు దాటింది.

నాకు ఫికర్ దగ్గు గురించి కాదు. మా వాడలనే ఒగ పిల్ల ఉంది, ఇరవై ఆరేండ్లు ఉంటయేమో. రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలబడంగనే నా చెయ్యి పట్టుకోని, "అక్క, ఈసారి నువ్వు నా ఎంబడి ఉండాలె" అన్నది. సూదులకు, స్కానింగులకు, ప్రతి నెలకు నేనే తోల్కపోయిన. పుట్టినంక ఇంటికొచ్చి బిడ్డను చూసుడు నా డ్యూటీ. మూడో దినం నుంచి నలభై రెండో దినం దాక ఆరుసార్లు పోవాలె. ఆ పిల్ల ఇంటికి మాత్రం డ్యూటీ అని కాదు, నా పానం కొట్టుకుంటుండె.

అందుకే దవాఖానల మా డాక్టరమ్మ ముందట కూసున్న. చిన్న వయసే గానీ మస్తు ఓపిక. పక్కన మా సిస్టరమ్మ, నా మీద ఆఫీసరు, నిలబడ్డది. డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది రెండే ముచ్చట్లు. "బీడీ, సిగరెట్ పొగ ఇంట్ల ఉందా? రోజు ఏమన్న గోలీలు వాడుతున్నవా?"

నేను నోరు తెరిచేలోపల సిస్టరమ్మ నవ్వింది. "ఈమెకు గోలీలేంది మేడం? ఊరందరితోని ఉప్పు మానిపిచ్చేది ఈమెనే."

"ఏం లేవు మేడం" అన్న.

బీపీ చూసిండ్రు. గోలి ఏస్కుంటున్న గదా, చక్కగ ఉంది. "చూడు మేడం, ఉప్పు తగ్గిస్తే ఎట్లుంటదో" అన్నది సిస్టరమ్మ. సిగ్గుతోని సచ్చిపోవాలె గానీ, అప్పుడు నాకు జర గర్వంగనే అనిపిచ్చింది. గంత సిగ్గులేనిదాన్ని.

డాక్టరమ్మ చేతి ఏళ్లు మడిచి చెప్పింది. ఎనిమిది వారాలు దాటిన దగ్గుకు, ఫొటో మంచిగుంటే, ఎక్కువగ మూడు కారణాలు ఉంటయంట. ముక్కు ఎన్కకెల్లి గొంతులకు నీరు కారుడు, పిల్లికూతలు లేకుండ ఒట్టి దగ్గుతోనే వచ్చే ఆస్తమా, కడుపుల పులుపు పైకి ఎగదన్నుడు. ఒక్కొక్కటే చూస్కుంట పోదామన్నది. ముందుగాల ముక్కుల కొట్టుకునే మందు, రాత్రి ఏస్కునే గోలి. రెండు వారాలు వాడిన. నిద్ర మస్తు పట్టింది, దగ్గు పోలే. తర్వాత గొట్టంల ఊదే పరీక్ష చేపిచ్చింది. ఊపిరితిత్తులు బాగనే ఉన్నయని వచ్చింది. అయినా ఈ రకం ఆస్తమా ఒక్కోసారి దొరకదని పీల్చే మందిచ్చింది. అది పీల్చుకుంట దగ్గిన, దగ్గుకుంట పీల్చిన.

గా నడుమనే ఆ పిల్లకు ఆడబిడ్డ పుట్టింది. రెండు కిలోల ఆరువందలు. ఫోన్ల చెప్తుంటే ఏడ్చిన, ఏడ్సుకుంటనే దగ్గిన.

మూడో దినం తూకం పట్టుకోని పోయిన. వాళ్ల అత్త గేటు కాడనే నిలబడ్డది. నేను పెద్దమ్మ అని వరుస పెట్టి పిలుస్త. "ఆగు బిడ్డా" అన్నది. "దగ్గెటోళ్లను పసిపిల్ల దగ్గరికి రానియ్యొద్దని మొన్న ఎవరు చెప్పిండ్రు?"

నేనే చెప్పిన. చెయ్యి ఊపుకుంట మరీ చెప్పిన.

"టీబీ లేదు పెద్దమ్మ, కాయితం చూపిస్త" అన్న. ఆ మాట అన్నంక అరనిమిషం దగ్గిన. పెద్దమ్మ గేటుకు గొళ్లెం పెట్టింది. కిటికీల నుంచి ఆ పిల్ల బట్టల మూటెత్తి చూపిచ్చింది. బుజ్జి నెత్తి ఒక్కటే కనబడ్డది. పెద్దమ్మ తప్పేం లేదు, నేనైనా గట్లనే చేస్త. కానీ ఇంటిదాక ఏడుసుకుంటనే పోయిన. ఏడో దినం, పద్నాలుగో దినం పక్క వాడ ఆశక్కను బతిలాడి పంపిన. ఆమె బిడ్డను ఎత్తుకోని వచ్చి "మస్తు బొద్దుగున్నది" అని చెప్తుంటే ఆమె మీద గూడ కోపమే వచ్చింది.

పద్నాలుగో దినం మధ్యాహ్నమే మళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిన. పీల్చే మందుకు గూడ తగ్గలే. ఇగ మూడోది, పులుపు తగ్గే గోలీలు, రెండు నెలలు వాడాలెనన్నది. తిన్నంక మూడు గంటలు పండొద్దు, అప్పటికీ తగ్గకుంటే పట్నంల పెద్ద దవాఖానకు రాస్తనన్నది. నేను ఏళ్ల మీద లెక్క పెట్టుకున్న. రెండు నెలలంటే నలభై రెండో దినం ఎప్పుడో దాటిపోతది. డాక్టరమ్మ పెన్ను పట్టుకోని తనలో తానే అనుకున్నట్టు అన్నది, "నీకు బీపీ లేకపాయె. ఉంటే మొదలే అనుమానం వచ్చేది. ఒగ రకం బీపీ గోలీలకు కొందరికి అచ్చం ఇట్లనే అయితది. పొడి దగ్గు, గొంతుల గరగర. గోలి మారిస్తే పోతది."

పక్కన సిస్టరమ్మ ఉంది. బయట బెంచీ మీద మా వాడోళ్లే ముగ్గురున్నరు, తలుపు బార్ల తెరిచే ఉంది. కిటికీల కనబడ్డ ఆ బుజ్జి నెత్తి యాదికొచ్చింది.

"ఉంది మేడం" అన్న.

"ఏమున్నది?"

"బీపీ. నాలుగు నెలల సంది. బడంగ్‌పేట్ల గోలీలు రాపిచ్చుకున్న." సంచిల అడుగున చుట్టి పెట్టిన పట్టీ తీసి బల్ల మీద పెట్టిన.

సిస్టరమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. డాక్టరమ్మ పట్టీ తిప్పి పేరు చదివి, కండ్లు మూస్కోని నుదురు పట్టుకున్నది. తిట్టలే. తిడితే బాగుండు అనిపిచ్చింది. "నేనడిగిన మొదటి మాట ఇదే గదక్క" అన్నది, గంతే. దగ్గు తెప్పియ్యని వేరే రకం బీపీ గోలి రాసిచ్చింది. "ఇయ్యాల్టి నుంచి ఇది. ఊకె బంద్ పెట్టొద్దు, బీపీ పెరుగుతది. దగ్గు రేపే పోదు. నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువనే పడ్తది. ముక్కు మందు, పీల్చే మందు, పులుపు గోలీలు ఏవీ ఇగ అవసరం లేదు."

బయటికొస్తే బెంచీ మీదోళ్లు ముగ్గురు నేల చూస్తున్నరు. నవ్వు ఆపుకుంటున్నరు. నేను ఇంటికి పోయేలోపల ముచ్చట నాకంటె ముందే చేరింది. బీడీల పెద్దాయన అరుగు మీద కూసోని, "బిడ్డా, ఈ పూట తొక్కా, చప్పిడి పప్పా?" అన్నడు. వాడ వాడంత అడిగింది. అడగనియ్యి అనుకున్న.

మొదటి వారం ఏం తేడా లేదు. రెండో వారం రాత్రి ఒక్కసారే లేచిన. నాలుగో వారం వచ్చేసరికి ఎప్పుడన్న ఒకసారి గొంతు గోకినట్టు అయితుండె, గంతే.

నలభై రెండో దినం పొద్దున గేటు కాడ నిలబడ్డ. పెద్దమ్మ లోపటికి రానిచ్చింది గానీ కుర్చీ వాకిట్లనే ఏసింది. "జరసేపు కూసో. చూస్త" అన్నది. ఎదురుగ పీట మీద కూసోని నా గొంతు దిక్కే చూసింది. నేను ఉమ్మి గూడ భయం భయంగ మింగిన. చాయ్ తాగిపిచ్చింది, నవ్విపిచ్చింది, కావాల్నని మాట్లాడిపిచ్చింది. దగ్గు రాలే. అప్పుడు లోపటికి చూసి "ఇగ తీస్కరా" అని కోడలిని పిలిచింది.

ఆ పిల్ల బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "గీ అత్తనే అడ్డం పడ్డది అక్క, నేను కాదు" అని నవ్వింది. తూకం ఏస్తే నాలుగు కిలోల రెండొందలు. నా ఏలు పట్టుకోని ఇడ్వలే. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, ఇయ్యి దగ్గు నీళ్లు కావు.

పెద్దమ్మ లోపటికి పోయి చాలాసేపటికి వచ్చింది. కొంగు ముడి ఇప్పి ఒగ గోలీల పట్టీ నా ముందట పెట్టింది. సగం ఖాళీ.

"గిది బీపీదే. ఏడాదాయె" అన్నది. "కొడుక్కి తెల్వదు. తల తిరిగిన దినమే ఏస్కుంట."

"ఏడాదా? నెల నెల వచ్చి అడుగుతున్న గద పెద్దమ్మ, నాకెందుకు చెప్పలే?"

"చెప్తే గల్మల నిలబడి వాడంత వినబడేటట్టు తిడ్తవు."

ఒళ్లో బిడ్డ కండ్లు మూస్తుంది, గొంతు పెంచెతందుకు లేదు. తల తిరిగినా తిరగకున్నా రోజు ఏస్కోవాలెనని, రేపు పొద్దున దవాఖానకు ఇద్దరం కలిసి పోదామని ఆమె చెవుల మెల్లగ చెప్పిన. "నువ్వు ఒర్లకుంటే వస్త" అన్నది. సంచిలకెల్లి రిజిస్టర్ తీసిన. బీపీ గడిల, ఆమె పేరు ఎదురుగ, ఏడాది పొడుగునా నా చేతిరాతతోనే "లేదు" అని ఉంది. దాని కింద వరుసగ ఇంకో పదకొండు పేర్లకు గూడ గదే రాసి ఉంది.