తలనొప్పి పోయిన మాత్ర

అరవైల మొదట్లో నేను ఇందుకూరుపేటలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ణి. కెమిస్ట్రీలో డిగ్రీ చదివి ఇదేమి పని అని ఎవరైనా అడిగితే, మిక్చరు కలపడం కూడా కెమిస్ట్రీయే కదా అనేవాణ్ణి. ఎవరూ రెండోసారి అడగలేదు.

మా దగ్గర సీసాలకు ఎప్పుడూ కరువే. మిక్చరు కావలసినవాళ్లు సీసా ఇంటినుంచి తెచ్చుకోవాలి. మరిచిపోయి వచ్చి, మరిచిపోయింది నేనన్నట్టు చూసేవారు. అందుకని మూతపడే సీసా ఏది కనిపించినా దాచేవాణ్ణి. మాత్రలన్నీ కాగితంలో పొట్లం కట్టి ఇవ్వడమే.

మైపాడు సముద్రపొడ్డున అలివి వల లాగే జట్టుకు పెద్ద ఒకాయన ఉండేవాడు. ఒడ్డున నిలబడి వల లాగేటప్పుడు రొమ్ములో బిగబట్టినట్టు నొప్పి వస్తోందని వచ్చాడు. డాక్టరుగారు గోధుమరంగు చిన్న సీసాలో నైట్రోగ్లిజరిన్ మాత్రలిచ్చి, నొప్పి వచ్చినప్పుడు కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకోమన్నారు.

వారానికి తల పట్టుకుని వచ్చాడు. డాక్టరుగారు లోపల ఎవరికో పుండు కడుగుతున్నారు.

"రొమ్ములో నొప్పి పోతాండాది కాంపౌండరయ్యా, అది పొయ్యి నెత్తిలోకెక్కతాండాది. దబదబమని ఒకటే బాదుడు."

"కొండలు పేల్చే మందులో ఉండేదే పెద్దాయనా ఇది. నెత్తిలో ఆ మాత్రం చప్పుడు కాదా?" అన్నాను.

"నీకేం, నవ్వతావు. నెత్తి నాది గదా!"

లోపలినుంచి డాక్టరుగారు వినే ఉన్నారు. "రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే తలనొప్పి. భయం లేదు. మందు పనిచేస్తోందనుకో" అన్నారు.

పెద్దాయన వెళ్లబోతూ ఆగి, సీసా మొలలో నిలవడం లేదనీ, వల లాగేటప్పుడు గుచ్చుకుంటోందనీ అన్నాడు. అదెంతపని అని మాత్రలు కాగితంలో పోసి, పొట్లం కట్టి, నడుముకున్న గుడ్డసంచిలో పెట్టుకోమన్నాను. సీసా నేనుంచుకున్నాను. సాయంత్రానికి అందులో ఒకామెకు చెవి చుక్కల మందు పోసి ఇచ్చాను. నైట్రోగ్లిజరిన్ గాలికి ఎగిరిపోయే రకమని చదువుకున్నవాణ్ణే. పరీక్షలో రాశాను కూడా. మార్కులు బాగానే వచ్చాయి.

నెలకు మళ్లీ కనిపించాడు. ముఖం తేటగా ఉంది.

"నెత్తినొప్పి పూర్తిగా పొయ్యింది అయ్యా. ముందు నాలిక కింద చురుక్కుమనేది, ఇప్పుడు అదీ లేదు. నొప్పి మటుకు కొంచెం నిదానంగా తగ్గతాది."

"ఒళ్లు అలవాటుపడింది. మన చేతిచలవ" అన్నాను. డాక్టరుగారితో చెప్పాలని కూడా తోచలేదు. నొప్పి నిదానంగా తగ్గుతోందన్న మాట నా చెవిన పడింది, అంతే.

ఆ తర్వాతి వారం ఆయన్ని బండిలో వేసుకొచ్చారు. బట్టలు చెమటతో తడిసి, పెదవులు పాలిపోయి ఉన్నాయి. వల సగం లాగాక నొప్పి వచ్చిందట. ఇసకలోనే కూర్చుని ఒకటి పెట్టుకున్నాడు, మరొకటి, ఇంకొకటి. ఏదీ పనిచెయ్యలేదు.

డాక్టరుగారు అలమరలోంచి కొత్త సీసా తీసి, మూత విప్పి, ఒక మాత్ర ఆయన నాలుక కింద పెట్టారు. గోడగడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు గడిచాయి. మూడోది నడుస్తుండగా ఆయన గట్టిగా ఊపిరి తీసుకుని, రెండు చేతులూ తలకు పెట్టుకున్నాడు.

"వచ్చిందయ్యా, నెత్తినొప్పి" అన్నాడు. అంత సంతోషంగా తలనొప్పి పడినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత డాక్టరుగారు పొట్లం చూశారు. మెత్తబడి, మడతలోంచి పిండి రాలుతోంది.

"సీసాలోంచి ఎవరు తియ్యమన్నారు? గాలి తగిలితే సత్తువ ఎగిరిపోతుంది. ఇందులో మందెక్కడుంది, ఒట్టి పిండి! చచ్చిపోయేవాడివి తెలుసా?"

పెద్దాయన నావైపు చూశాడు. చూపు ఎక్కువసేపు నిలపలేదు.

"సీసా పగిలిపొయ్యింది సార్. నేనే కాయితంలో కట్టుకున్నా."

డాక్టరుగారు ఇంకో పావుగంట తిట్టారు. బుద్ధిలేదన్నారు, పెళ్లాంబిడ్డల మొహమైనా చూడలేదన్నారు. తల బద్దలవుతున్న ఆ మనిషి "అవును సార్, తప్పు సార్" అంటూనే ఉన్నాడు. ఒక్కమాట నేను చెప్పి ఉంటే ఆ తిట్లు ఆగేవి. నేను బల్ల దగ్గర ఎవరికో మిక్చరు పోస్తున్నాను. ఆ రోజు చెయ్యి ఎంత నిలకడగా ఉందంటే, ఒక్క చుక్క కింద పడలేదు.