క్లెయిముల్లేని కుప్పయ్య

కుప్పయ్య జీవితచరిత్ర ఒక్క పేజీలో ఇమిడిన పుణ్యస్థలం చిత్తూరు ఆర్టీవో ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడి. రాసిన మహాకవయిత్రి ప్రశాంతి. ఒక కన్ను కంప్యూటరు మీద, ఇంకో కన్ను వీధిలోకి వచ్చే గిరాకీ మీద పెట్టి పనిచేసే పిల్ల.

కుప్పయ్యది పూతలపట్టు. వయసు నలభై ఎనిమిది. అందులో పద్దెనిమిదేళ్ళు చిత్తూరులో ధనశేఖర్ ట్రావెల్స్ టాక్సీ తోలడంలోనే గడిచిపోయాయి. ఇప్పుడు ధనశేఖర్ పాత కారు అమ్మేసి కొత్తది కొంటున్నాడు. దాన్ని తోలడానికి ఇంట్లో పనిలేకుండా కూర్చున్న అల్లుడు మునిశేఖర్ సిద్ధంగా ఉన్నాడు. అల్లుడికి పని దొరికితే డ్రైవరుకు పోవడం లోకధర్మం. తిరుపతిలో ఒక కంపెనీ ఫ్యాక్టరీ ఆడపిల్లలను షిఫ్టులకు తీసుకుపోయి దించడానికి డ్రైవర్లను నెల జీతం మీద తీసుకుంటోందని తెలిసి, కుప్పయ్య ఈ అంగడి మెట్లెక్కాడు. ఈ వయసులో ఇది తప్పితే మిగిలేది బంగారుపాళ్యం ఫ్యాక్టరీలో మామిడికాయల బుట్టలు మోయడమే. అతని నడుము దానికి ఒప్పుకోదు.

"లైసెన్సు ఏందన్నా?" అంది ప్రశాంతి.

"ఎల్ ఎమ్ వీ, కార్లకుండేది. ట్రాన్స్‌పోర్టు కూడా ఉండాది. అయిదేండ్లకోసారి తప్పకుండా రెన్యూవల్ చేయించినాను."

"హెవీ కూడా వేసేస్తా. సూసేదానికి బరువుగా ఉంటాది."

"లేనిది ఎందుకమ్మా? రేపు బస్సు చేతికిస్తే యాడికని తోలేది?"

దారుల విషయానికి వచ్చేసరికి కుప్పయ్యకు వాగ్ధాటి పుట్టుకొచ్చింది. మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం దగ్గర ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు నుంచి హైవే మీదికి బారులు తీరతాయి కాబట్టి ఆ పూట ఎంత ముందు బయల్దేరాలో, చవితి రోజుల్లో కాణిపాకం దారిని ఎందుకు నమ్మకూడదో, పూతలపట్టు కూడలిలో లారీ ఏ పక్కనుంచి దూసుకొస్తుందో ఏకరువు పెట్టాడు.

"ఇది రెజ్యూమేనా, స్థలపురాణమా?" అని ప్రశాంతి అదంతా 'దారులు బాగా తెలుసు' అన్న రెండు ముక్కల్లోకి కుదించింది. "యాక్సిడెంట్లు?"

"లేవు."

"చలాన్లు?"

"లేవు."

"అన్నీ లేవు లేవంటే ఏం రాసేదన్నా? ఉండేదేదైనా చెప్పు."

ఉండేది చెప్పడానికి కుప్పయ్య చాలాసేపు ఆలోచించాడు. పద్దెనిమిదేళ్ళ భద్రత అంటే జరగనివాటి జాబితా. తిరుమల కొండ దిగేటప్పుడు నిర్ణయించిన సమయం కంటే ముందు దిగితే జరిమానా వేసి రసీదు ఇస్తారు. తీరిగ్గా దిగినవాడికి ఏ రసీదూ ఇవ్వరు. ప్రశాంతి చివరికి 'ప్రమాదాలు: సున్న' అని కొట్టి, సున్నను కాస్త లావు చేసింది.

తిరుపతి కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే విజయ్ కుమార్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, ఆ తర్వాతే నిరాశపరిచాడు. కుప్పయ్య లైసెన్సు నంబరు కంప్యూటరులో కొట్టాడు. లైసెన్సు బ్రహ్మాండంగా ఉంది. చలాన్లు లేవు. పోలీసులిచ్చిన సర్టిఫికెట్టులో కేసులూ లేవు.

"అయితే ఇంకేం సార్?" అన్నాడు కుప్పయ్య.

"చలానా లేదంటే రెండర్థాలున్నాయి కుప్పయ్యగారూ. బాగా తోలినారని ఒకటి. అసలు తోలనే లేదని ఇంకొకటి. ఈ పోలీసు కాగితం మీరు దొంగ కాదని చెప్తుంది, డ్రైవరని చెప్పదు. ఆడపిల్లల బండి కదా, పైవాళ్ళు ఒప్పుకోరు. పాత ఓనరు దగ్గర లెటరు తీసుకొచ్చేయండి. ఎన్నేళ్ళు చేసినారు, ప్రమాదం లేదు, అంతే. సోమవారం దాకా ఆపి పెడతాను."

ధనశేఖర్ దుర్మార్గుడు కాడు. కాగితమంటే భయం, అంతే.

"పద్దెనిమిదేండ్లు నా దగ్గర చేసినావని నేను రాసిస్తే, రేపు ఎవడో నిన్ను ఎగదోసి లేబరాఫీసుకు పంపిస్తాడు. అప్పుడు నా గతేంది అబ్బా?"

"నేను పోనన్నా."

"నువ్వు పోవు. కాగితం పోతాది." ధనశేఖర్ జాలిపడి బీరువా తెరిచి ఒక జిరాక్సు తీసిచ్చాడు. "ఇదో, ఇది చూపించు. ఇన్సూరెన్సు పాలసీ. ఇన్నేండ్లలో ఒక్క క్లెయిము లేదని ప్రీమియంలో యాభై శాతం బోనస్ తగ్గించినారు సూడు. దీనికంటే సాక్ష్యం ఏం కావల్ల?"

కుప్పయ్య చూశాడు. తన ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తోలిన తోలకమంతా అక్కడ ఒక అంకెగా ప్రకాశిస్తోంది. మొదటిసారి దానికొక రసీదు కనిపించింది. పైన పేరు మాత్రం ధనశేఖర్‌ది. విజయ్ కుమార్ ఆ కాగితాన్ని వాట్సాపులో చూసి ఫోను చేసి, "దీని ప్రకారమైతే మేము ధనశేఖర్‌గారిని తీసుకోవాల" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నిజంగానే ఆయన బాధ అది.

కారు మారినా ఆ బోనస్ పోదట. ఓనరు పేరు మీద ఉండేది కాబట్టి కొత్త కారు పాలసీకి దాన్ని మార్చుకున్నాడు ధనశేఖర్. సామాన్లు కొత్తింటికి చేర్చినట్టు పద్దెనిమిదేళ్ళ జాగ్రత్త కొత్త బండిలోకి చేరిపోయింది. తెచ్చినవాణ్ణి దింపేసింది.

ఆదివారం కాణిపాకంలో కొత్త కారుకు పూజ. "నీ చేతులమీదుగా దారి పట్టించు కుప్పయ్యా" అని ధనశేఖర్ పిలిస్తే, లెటరు మళ్ళీ అడగవచ్చునన్న ఆశతో వెళ్ళి అక్కడిదాకా తోలాడు. పూజారి ఎవరి పేరు మీద చేయాలని అడిగాడు. ధనశేఖర్ తన పేరూ గోత్రమూ చెప్పాడు. కుప్పయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

తర్వాత మునిశేఖర్ తాళం తీసుకున్నాడు. నిమ్మకాయలు శాస్త్రోక్తంగా నలిగాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బండి అదే ఊపులో ముందున్న సిమెంటు స్తంభాన్ని కూడా దర్శించుకుంది. బంపరు ఊడి, లైటు పగిలి, బానెట్టు లేచింది.

ధనశేఖర్ అల్లుణ్ణి పక్కకు పిలిచి లైసెన్సు అడిగాడు. అది నిరుడే అయిపోయిందని తెలిసింది. అప్పుడాయన కుప్పయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"క్లెయిము ఫారంలో డ్రైవరు పేరు అడుగుతారు. నీ లైసెన్సు నంబరు రాసేద్దాం. నువ్వే తోలినావని. రాసినావా, నీకు కావల్సిన లెటరు ఇప్పుడే సంతకం చేసిస్తా. పద్దెనిమిదేండ్లు, ప్రమాదం లేదు, యట్ల కావల్లంటే అట్ల."

కుప్పయ్య బుర్రలో రెండు కాగితాలూ పక్కపక్కన నిలిచాయి. ఒకదాంట్లో అతను ఎన్నడూ గుద్దలేదు. ఇంకోదాంట్లో ఇవాళే గుద్దాడు. రెండింటి కిందా ధనశేఖర్ సంతకమే. పద్దెనిమిదేళ్ళలో అతను ధనశేఖర్ బండి తోలాడని ఒప్పుకునే తొలి సర్కారీ పద్ధతి కాగితం, అతను చేయని ప్రమాదం గురించే పుట్టబోతోంది.

"వద్దులేన్నా."

"ఏందప్పా వద్దు? ఉద్యోగం వద్దా?"

"ఉద్యోగం కావల్లన్నా. ఉద్యోగం కాగితంలో ప్రమాదాలు సున్న అని రాసిపెట్టినాను."

"ఎవడు సూస్తాడు ఆ సున్నను?"

నిజానికి దాన్ని ఎవరూ చూడలేదు. కుప్పయ్య బస్సెక్కాడు. పూతలపట్టు కూడలిలో డ్రైవరు బ్రేకు ఆలస్యంగా తొక్కాడు. సీటు కింద కుప్పయ్య కుడికాలు ముందే తొక్కేసింది. ఇంటికొచ్చాక భార్య నాగవేణి లెటరు సంగతి అడిగింది. "రాలేదు" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా, మామిడికాయల ఫ్యాక్టరీలో మేస్త్రీ నంబరు ఎవరి దగ్గరుందో చెప్పింది.

సోమవారం సాయంత్రం దాకా విజయ్ కుమార్ మాట నిలబెట్టుకుని ఆపిపెట్టాడు. మంగళవారం ఆ చోట ఇంకెవరో చేరారు.

లైసెన్సు లేని తోలకానికి ఇన్సూరెన్సు రాదు కాబట్టి ధనశేఖర్ క్లెయిము జోలికి పోలేదు. బంపరు సొంత ఖర్చుతో వేయించుకున్నాడు. ఆ కారణంగా మరుసటి ఏడు పాలసీ కాగితంలో కూడా ఆయన పేరు కింద క్లెయిములు లేవనీ, బోనస్ యాభై శాతం అనీ పడింది.