టీచరమ్మ ఎర్ర పెన్ను

నాగశ్రీ టీచరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. జగ్గయ్యపేటలో ఆ బడి ఎదుట టీకొట్టువాడిని అడిగినా ఆ మాటే చెబుతాడు. అలాంటి మనిషి కళ్లముందే, ముక్త్యాల నుంచి వచ్చే సిమెంటు లారీకి జడిసి మూడో తరగతి లాస్య సైకిలు మీంచి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఇంకేముంది! బడి వేళల్లో లారీలు ఊళ్లోకి రాకూడదని ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో టీచరమ్మ పోస్టు పెట్టేసింది. డ్రైవర్లు తాగి నడుపుతారనీ, పిల్లల ప్రాణాలంటే వాళ్లకి లెక్కలేదనీ అందులోనే కలిపి రాసింది.

లైకులు వచ్చాయి, తిట్లూ వచ్చాయి. బడిలో మధ్యాహ్న భోజనం వండే జాయిస్ పదేళ్లుగా టీచరమ్మ పక్కనే కూర్చుని తింటోంది. ఆమె భర్త బెన్ని నడిపేది ఆ సిమెంటు లారీలే. మర్నాడు జాయిస్ అన్నం వడ్డించి, తన పళ్లెం తీసుకుని అవతలికి వెళ్లిపోయింది.

టీచరమ్మ ఆ సాయంత్రమే పోస్టు తీసేసింది. అయితే అభిప్రాయం మారలేదే! ఈసారి కాగితం మీద రాసింది. ముందు డ్రైవర్ల వాదన, తరువాత తన మాట. ఆదివారం నేరుగా జాయిస్ ఇంటికే వెళ్లి, పిల్లల నోటుపుస్తకాలు దిద్దే ఎర్ర పెన్ను బెన్ని చేతిలో పెట్టింది.

"మీ తరఫున రాసింది ఇదండీ. మీరనేది ఇదేనా? కాకపోతే దిద్దండి. నా అభిప్రాయం మాత్రం నాదే."

బెన్ని నిదానంగా చదివాడు. 'కొందరు తాగి నడుపుతారు' అన్నచోట సున్నా చుట్టి, మీరు చూసారా అని అడిగాడు. లేదు, ఎవరో అనగా విన్నదే. సిగ్గుపడి ఆవిడే కొట్టేసింది. తరువాత డ్రైవర్ల వాదనలో 'వాళ్లకి ఆలస్యమవుతుంది' అన్నచోట పెన్ను ఆగింది.

"ఇది మరీ తేలిగ్గా రాసారు మేడమ్. ఊరి బయట ఆపితే నీడుండదు, నీళ్లుండవు. వదిలాక లారీలన్నీ ఒక్కసారే ఊళ్లోకి వస్తాయి. అప్పుడు రోడ్డు మీద పిల్లలుంటేనో?"

ఈ సంగతి ఆవిడకి తట్టనే లేదు.

కొత్త పోస్టు మొదట్లోనే పాత మాటలకి క్షమాపణ చెప్పింది. డ్రైవర్ల వాదన బెన్ని చెప్పినట్టే పెట్టింది. తను చూసిందేదో, విన్నదేదో, తనకి తెలియనిదేదో విడదీసి రాసింది. చివరికి తన మాట: బడి వేళల్లో లారీలు ఆగాల్సిందే, కానీ ముందు నీడా నీళ్లూ ఉన్న చోటు చూపించాలి, తరువాత ఒక్కొక్కటిగా వదలాలి. కింద ఎవడో ఆవిడని మెచ్చుకుంటూ డ్రైవర్లని బూతులు తిడితే, నా వైపు నిలబడాలంటే ఆ నోరు వద్దని వాడికే గట్టిగా చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం జాయిస్ ఫోన్ తెచ్చి చూపించింది. డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో ఆ పోస్టు పెట్టి బెన్ని రాసాడు: "టీచర్ గారి మాట నేను ఒప్పుకోను. మన మాట మాత్రం మనం చెప్పినట్టే రాసారు. తిట్టకుండా చదవండి."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. జాయిస్ తన పళ్లెం తెచ్చుకుని పక్కన కూర్చుంది.