కృష్ణయ్య ఎడమ కన్ను

మార్కాపురం బస్టాండు వెనక సందులో స్టూడియో నడిపే నాగరాజుకు ఈ మధ్య పోయినవాళ్ళతోనే పని. పెళ్ళిళ్ళను డ్రోన్ల వాళ్ళు ఎత్తుకుపోయారు. దండలు పడే ఫొటోలు ఆయనకు మిగిలాయి, వాటితోపాటు మెడనొప్పీ, కళ్ళమంటా.

గోపి అనే తెలిసినాయన వాట్సాప్‌లో ఒక పాత పెళ్ళి ఫొటో పంపాడు. సంవత్సరీకానికి తన నాయన కృష్ణయ్య బొమ్మ పెద్దది కావాలన్నాడు. గుంపులో కృష్ణయ్య మొహం కందిగింజంత. నాగరాజు దాన్ని కత్తిరించి ఏఐకి అప్పగించి, టీ తాగి వచ్చేసరికి మొహం సిద్ధం. కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. గోపి దాన్ని స్టేటస్‌లో పెట్టాడు. కంభం, పొదిలి చుట్టాలంతా అచ్చం మామే అన్నారు.

మర్నాడు ఫ్రేము కోసం గోపి తల్లి వెంకటరత్నమ్మ వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఎవరు నాయనా ఈయన?"

"అదేంది పెద్దమ్మా, మీ ఇంటాయనే గదా."

"ఆయన మాదిరే ఉన్నాడు. ఆయన మాత్రం కాదు. పలకల గనిలో రాయి చిట్లి తగిలి ఎడమ రెప్ప సగం వాలిపోయినాది. ఈయనేమో రెండు కళ్ళూ తెరుచుకొని చూస్తా ఉన్నాడు. పరాయి మగానికి నన్ను దండ వేయమంటావా?"

నాగరాజు నీరసంగా అసలు ఫొటోను తెరమీద పెద్దది చేసి చూపించాడు. కన్ను ఉండాల్సినచోట నాలుగు బూడిదరంగు గళ్ళు.

"ఉండేది ఇంతే పెద్దమ్మా. మిగతాది ఈ ఏఐ లక్షల మొహాలు చూసి నేర్చుకున్నదాన్ని బట్టి ఊహించి గీస్తాది."

ఆమె నమ్మడానికని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. ఈసారి బుగ్గలు నిండి, పళ్ళు కనిపిస్తూ మరొకాయన వచ్చాడు.

"ఈయన బీమా కట్టమనేటట్టు ఉన్నాడు," అంది వెంకటరత్నమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "మనవరాలు తాతను చూడలేదు. గోడమీద ఎవరుంటే ఆయనే తాతనుకుంటాది. మసకదే వేసియ్యి."

"పెద్దగా వేస్తే చెదిరిపోతాది."

"చిన్నగా వెయ్యి."

అరచేతంత ప్రింటు తీసి ఇచ్చాడు. చిన్నదయ్యేసరికి గళ్ళు కలిసిపోయి మనిషి కాస్త నిలబడ్డాడు. రెప్ప వాలిందో లేదో తెలియడంలేదు. ఆమెకు మాత్రం తెలుస్తున్నట్టే ఉంది.

లేవబోతూ కౌంటరు పైన గోడకేసి చూసింది. అక్కడ నాగరాజు ఏఐతో పెద్దది చేసిన తన నాయన సుబ్బయ్య ఫొటో. వచ్చినవాళ్ళకు మచ్చు కోసం ఏడాదిగా అక్కడే ఉంది.

"అది మీ నాయనా? సుబ్బయ్య ముక్కు అంత సన్నం కాదే."

నాగరాజు తన ముక్కు తడుముకున్నాడు. అది సన్నం కాదు. ఆ ముక్కు నాయనదేనని ఊరంతా చెప్పేవాళ్ళు.

ఆమె పోయినాక స్టూలు ఎక్కి మచ్చును దించాడు. మెడ పట్టేసింది. నాయన అసలు ఫొటో ఏ డబ్బాలో పడేశాడో గుర్తురాలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నాయన ముక్కు ఎట్లుండేది?"

"ఇప్పుడడుగుతున్నావా?" అంది అమ్మ. "నువ్వు ఆ ఫొటో చూసి అంత మురుస్తుంటే ఏం చెప్పేదిరా."