గౌను వీడియో తర్వాత

రాజోలు సువర్ణ ఇంట్లో అందరూ బడిపంతుళ్లే. అన్న లెక్కల మాస్టారు, వదిన తెలుగు టీచరు, కట్టుకున్న మొగుడు శ్యామ్ బాబు సైన్సు మాస్టారు. ఈమె ఒక్కతే పదో తరగతి తప్పి కుట్టుమిషను ముందు కూర్చుంది. జాకెట్టు కటింగు నేర్పే ఛానల్ పెట్టాక, కామెంట్లలో ఎవరెవరో ఆడవాళ్లు ‘టీచర్ గారూ’ అనడం మొదలుపెట్టారు. పైకి నవ్వేసేది గానీ, ఆ పిలుపు కోసమే రోజూ ఫోను తెరిచేది.

అలాంటిది ఈ ఆషాఢంలో వ్యూస్ దబ్బున పడిపోయాయి. కొత్త కామెంటు ఒక్కటీ రాలేదు. అంతమందికి నేర్పితే పలకరించే దిక్కు లేదేమిటని సువర్ణ మనసు విరిగిపోయింది. ఇంకొక్క వీడియో పెట్టి ఛానల్‌కి దణ్ణం పెట్టేస్తానంది.

జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చిన మాధవీలత ఆ మాట విని కుర్చీ లాక్కుంది. కొత్తపేటలో ఆవిడది వంటల ఛానల్.

“ముహూర్తాల్లేవు కదండీ, జాకెట్లెవరు కుట్టుకుంటారు?” అన్నాడు శ్యామ్ బాబు.

మాధవీలత నిరుటి ఆషాఢం వ్యూస్ గ్రాఫు తీయించింది. అప్పుడు మెల్లగా తగ్గి, శ్రావణంలో లేచింది. ఈసారి ఒక్కరోజులో కూలింది. “సీజనైతే ఇలా పడదండి.”

“జనానికి నా జాకెట్లు మొహం మొత్తేయేమో మాధవీలత గారూ.”

“మొత్తితే కొత్తవి పడాలి. మీ పాత వీడియోలన్నీ కూడా అదే రోజున పడ్డాయి చూడండి.”

ఇక వీడియోల ముందు కనబడే థంబ్‌నెయిల్ బొమ్మల సంగతి. అవి కనబడినవాళ్లలో నొక్కేవాళ్ల శాతం ఎప్పటిలాగే ఉంది. అసలు కనబడడమే తగ్గింది. గంట నొక్కి పెట్టుకున్నవాళ్లకి వెళ్లే నోటిఫికేషన్ల నుంచైతే ఒక్కరూ రాలేదు.

“ఆవేళ ఏం మార్చేరండి?”

సువర్ణ ఆలోచించింది. “చంటిపిల్ల గౌను వీడియో పెట్టేనండి. సెట్టింగుల్లో మీ ఛానల్ పిల్లల కోసమా అని కనబడింది. గౌను పిల్లలదే కదా, అబద్ధమెందుకని అవునన్నాను.”

మాధవీలత నవ్వాపుకోలేకపోయింది. “తొడుక్కునేది పిల్లలేనండి, చూసేది తల్లులు కదా. చూసేవాళ్లెవరనే అది అడిగేది. మీరు ఛానల్ మొత్తానికి అవునన్నారాయె, పాతవాటికీ కొత్తవాటికీ గంటా కామెంట్లూ మూసుకుపోయాయి. పిల్లల పాటల పక్కన మీ జాకెట్టు పెడితే ఎవరు చూస్తారండి?”

“అయితే వాళ్లు నన్ను పలకరించడం మానెయ్యలేదా?” అని సువర్ణ రెండుసార్లు అడిగింది.

“రాయడానికి చోటే లేదండి పాపం.”

సెట్టింగు మార్చి, కామెంట్లు తెరిచారు. వ్యూస్ వెంటనే లేవలేదు. కొన్నాళ్లకి మాత్రం ఒక కామెంటు వచ్చింది. సువర్ణ దాన్ని పైకి చదివింది: “టీచర్ గారూ, చంక దగ్గర బిగుతొస్తోంది. ఇన్నాళ్లూ అడుగుదామంటే దారి లేకపోయింది. మీకు ఒంట్లో బాలేదేమోనని ప్రార్థన చేసుకున్నాను.”

చివరి మాట ఆమె మళ్లీ చదివింది. శ్యామ్ బాబు దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టాడు.

“ముందు జవాబు రాయండి టీచర్ గారూ,” అన్నాడు. “అన్నం నేను వారుస్తాను.”